ఒకే బిల్లులో యంత్రం, ఇన్‌స్టలేషన్, సర్వీసు: జీఎస్టీ ఏ రేటుకి? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో స్కానింగ్ సెంటర్లకి, చిన్న ఆసుపత్రులకి వైద్య పరికరాలు అమ్మే డీలర్లూ, వాటిని కొనే డాక్టర్లూ కొటేషన్ దశలో ఎక్కువగా తగువు పడేది ఈ విషయం మీదే. మెషీన్ మీద 5 శాతం, సర్వీసు మీద 18 శాతం. రెండూ ఒకే ఇన్వాయిస్‌లో ఉంటే ఏది వేయాలి? ఇక్కడ ఒక అల్ట్రాసౌండ్ మెషీన్ కొటేషన్‌ని తీసుకుని, దాన్నే చివరిదాకా నడిపిస్తున్నాం. వేరే యంత్రమైతే రేట్లు మారతాయి కానీ ఆలోచించే పద్ధతి ఇదే.

మెషీన్, సర్వీసు రెండూ 18 శాతమే అయితే ఈ గొడవంతా ఎందుకు?

రేటు వరకైతే అక్కర్లేదు. లేత్ మెషీనో ఏసీనో అమ్మి, బిగించి, ఏడాది సర్వీసు ఇస్తే అన్నీ 18 శాతమే (ఏసీలు 28 నుంచి 18కి దిగాక ఆ వ్యాపారంలో ఈ తలనొప్పి తగ్గింది). అడ్వాన్సు మీద పన్ను ఎప్పుడు కట్టాలన్న తేడా మాత్రం మిగులుతుంది. దాని గురించి కింద ఉంది.

వైద్య పరికరాల సంగతి వేరు. హెచ్‌ఎస్‌ఎన్ అనే వస్తువుల కోడుల్లో 9018 కింద వచ్చే పరికరాలు 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. ఇన్‌స్టలేషన్, మెయింటెనెన్స్ సేవలు 9987 అనే సేవల కోడు కింద 18 శాతంలోనే ఉన్నాయి. మధ్య తేడా 13 శాతం. పైగా స్కానింగ్ సెంటర్ చేసే రోగ నిర్ధారణ సేవకి జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, కొన్న మెషీన్ మీద కట్టిన పన్నుకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. ఆ 13 శాతం తేడా మొత్తం డాక్టరు జేబులోంచే పోతుంది. అందుకే ఇక్కడ బేరం మెషీన్ ధర కన్నా పన్ను మీద ఎక్కువ నడుస్తుంది.

చట్టం అసలు ఏం చెప్తుంది?

కేంద్ర జీఎస్టీ చట్టం, 2017లో సెక్షన్ 8 ఉంది. చిన్న సెక్షన్, రెండే మాటలు. సరఫరా కాంపోజిట్ అయితే అందులో ప్రధానమైన వస్తువు లేదా సేవ రేటు మొత్తానికీ పడుతుంది. మిక్స్‌డ్ అయితే అందులో ఉన్నవాటిలో ఏది ఎక్కువ రేటో అది మొత్తానికీ పడుతుంది.

కాంపోజిట్ అంటే ఒకే అమ్మకందారు ఒకే కొనుగోలుదారుకి ఇచ్చేవి రెండో అంతకంటే ఎక్కువో ఉండాలి. వ్యాపారంలో మామూలుగానే అవి జంటగా వెళ్తుండాలి. వాటిలో ఒకటి ప్రధానం, మిగిలినవి దాని కోసం వచ్చేవి అయ్యుండాలి. మిక్స్‌డ్ అంటే అలాంటి సహజ సంబంధం లేని వాటిని కలిపి ఒకే ధరకి ఇవ్వడం. ‘ఒకే ధర’ అన్న షరతు మిక్స్‌డ్‌కే ఉంది, కాంపోజిట్‌కి లేదు. చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడే. బిల్లులో వేర్వేరు లైన్లు రాసినంత మాత్రాన కాంపోజిట్ విడిపోదు. ఒకే లైన్లో కలిపి రాసినంత మాత్రాన సంబంధం లేనివి కాంపోజిట్ అయిపోవు. కానీ సంబంధం లేనివాటిని ఒకే ధరలో కలిపితే మాత్రం 18 శాతం మొత్తాన్నీ మింగేస్తుంది.

‘వ్యాపారంలో మామూలుగా జంటగా వెళ్తాయి’ అని ఎలా తేల్చాలి?

దీనికి గీత గీసినట్టు ఒక సూత్రం లేదు, చూసేవి కొన్ని ఉన్నాయి. ఆ రంగంలో ఎక్కువమంది డీలర్లు ఇవి కలిపే ఇస్తారా? కొనేవాళ్లు కూడా కలిపే వస్తుందని అనుకుంటారా? ఒకటి తీసేస్తే రెండోది పనికొస్తుందా?

అల్ట్రాసౌండ్ మెషీన్నే చూడండి. దాన్ని పెట్టెలో తెచ్చి వాకిట్లో దించి వెళ్లే డీలరు ఉండడు. ఇంజనీరు వచ్చి విప్పి, ప్రోబ్‌లు కలిపి, ఎర్తింగ్ చూసి, ప్రీసెట్లు వేసి, డాక్టరుకి ఒకటి రెండు రోజులు వాడకం చూపించి సంతకం తీసుకుని వెళ్తాడు. ఊళ్లో ఏ డీలర్‌ని అడిగినా ఇంతే. కాబట్టి ఇన్‌స్టలేషన్, శిక్షణ మెషీన్‌తో సహజంగా వచ్చేవే. ప్రధానం మెషీన్. రేటు 5 శాతం.

యూపీఎస్‌కి ఈ పరీక్ష పెడితే జవాబు అంత సూటిగా రాదు. మెషీన్‌కి యూపీఎస్ కావాలన్నది నిజమే. కానీ డాక్టరు దాన్ని ఎస్‌పీ రోడ్డులో వేరే దుకాణంలోనైనా కొనుక్కోవచ్చు, చాలామంది అలాగే కొంటారు కూడా. కొటేషన్‌లో ‘ఆప్షనల్’ అని ఉందంటే ఆ మాటే మీ మీద సాక్ష్యం. యూపీఎస్ 8504 కింద 18 శాతం. మా సలహా: దానికి వేరే ధర, వేరే లైన్, 18 శాతం. ప్రోబ్‌ల విషయంలో ఈ బెంగ అక్కర్లేదు, అవి మెషీన్ పనిలో భాగమే. థర్మల్ ప్రింటర్, కంప్యూటర్ లాంటివి మాత్రం యూపీఎస్ దారిలోనే పెట్టండి.

ఒక కొటేషన్ తీసుకుని లెక్క చూపించగలరా?

బెంగళూరు డీలరు, జయనగర్‌లో సెంటరు. ధరలు లెక్క సులువుగా ఉండేందుకు వేసుకున్నవి.

మెషీన్, రెండు ప్రోబ్‌లు: 20,00,000
ఇన్‌స్టలేషన్, శిక్షణ: 60,000
రవాణా, బీమా: 15,000
యూపీఎస్: 90,000
వారంటీ అయ్యాక మూడేళ్ల సమగ్ర మెయింటెనెన్స్ ఒప్పందం, అంటే సీఎంసీ, ఏడాదికి 1,20,000 చొప్పున: 3,60,000
పన్ను కాకుండా మొత్తం: 25,25,000

మొదటి మూడూ ఒక కట్ట. రవాణా, బీమా డీలరే వసూలు చేస్తున్నాడు కాబట్టి సెక్షన్ 15 ప్రకారం వస్తువు విలువలోనే కలుస్తాయి. ఇన్‌స్టలేషన్ కాంపోజిట్‌గా వచ్చింది. 20,75,000 మీద 5 శాతం అంటే 1,03,750. యూపీఎస్ మీద 18 శాతం 16,200. సీఎంసీ మీద 18 శాతం 64,800. మొత్తం పన్ను 1,84,750. రాష్ట్రం లోపలి అమ్మకం కాబట్టి సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీ.

ఇప్పుడు ఇదే సరుకుని ‘కంప్లీట్ ప్యాకేజ్, 25,25,000’ అని ఒకే ధర వేసి అమ్మారనుకోండి. మిక్స్‌డ్ అని అధికారి పట్టుకుంటే మొత్తం మీద 18 శాతం, అంటే 4,54,500. సరైన బిల్లు కన్నా 2,69,750 ఎక్కువ. సరుకు అదే, ధర అదే, రాత మారింది.

మూడో రకం, డీలర్లలో ఎక్కువగా కనిపించేది: ‘అంతా మెషీన్‌తోపాటే కదా’ అని మొత్తానికీ 5 శాతం వేయడం. 1,26,250 వస్తుంది. యూపీఎస్, సీఎంసీల మీద 58,500 తక్కువ కట్టినట్టు. దాని మీద సెక్షన్ 50 కింద ఏడాదికి 18 శాతం వడ్డీ నడుస్తూ ఉంటుంది. రెండేళ్ల తర్వాత నోటీసు వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లి ‘ఇంకో యాభై ఎనిమిది వేలు ఇవ్వండి’ అంటే ఇచ్చేవాళ్లు అరుదు. ఆ నష్టం డీలరు మోయాల్సిందే.

ఇన్‌స్టలేషన్‌ని వేరే లైన్లో 18 శాతం వేస్తే సేఫ్ కదా?

శాఖ వైపు నుంచి సేఫే, ఎక్కువ కట్టినందుకు ఎవరూ నోటీసు ఇవ్వరు. కానీ మన లెక్కలో డాక్టరు 7,800 అనవసరంగా కడతాడు, దానికి క్రెడిట్ కూడా రాదు. పక్క డీలరు సరిగ్గా 5 శాతం వేస్తే మీ కొటేషన్ ఆ మేరకు ఖరీదైపోతుంది.

ఇలా విడగొట్టేవాళ్లు సాధారణంగా 2018 జూన్ 8 నాటి 47వ నంబరు సర్క్యులర్‌ని చూపిస్తారు. కారు సర్వీసింగ్‌లో స్పేర్ పార్టుల విలువ, లేబర్ విలువ వేరుగా చూపిస్తే దేని రేటు దానికి అని అందులో ఉంది. అది రిపేరు పని గురించి. ఏ పార్టు పడుతుందో, ఎంత లేబర్ అవుతుందో ముందే తెలియని వ్యవహారం. కొత్త మెషీన్ బిగించి ఇవ్వడానికి దాన్ని అతికించడం సరికాదని మా అభిప్రాయం. అదే సర్క్యులర్ సరఫరా స్వభావాన్ని ఏ కేసుకి ఆ కేసుగా తేల్చాలని కూడా అంటుంది.

మెషీన్ డీలరు అమ్మాడు, ఇన్‌స్టలేషన్ బిల్లు కంపెనీ సర్వీసు విభాగం ఇచ్చింది. ఇదీ 5 శాతమేనా?

కాదు. కాంపోజిట్‌కి అమ్మకందారు ఒక్కరే ఉండాలి. ఇన్‌స్టలేషన్ ఇంకొకరు నేరుగా డాక్టరుకి బిల్లు వేస్తే అది విడి సేవ, 18 శాతం. దీనికి మందు సులువే: కంపెనీ ఇంజనీరు డీలరుకి బిల్లు వేయాలి (18 శాతం, డీలరుకి క్రెడిట్ వస్తుంది), డీలరు తన ఇన్వాయిస్‌లో మెషీన్‌తో కలిపి డాక్టరుకి ఇవ్వాలి. పని చేసే చేతులు ఎవరివన్నది కాదు, డాక్టరుతో ఒప్పందం ఎవరిదన్నది లెక్క.

ఇలాగే, సెంటరు జయనగర్ నుంచి వైట్‌ఫీల్డ్‌కి మారినప్పుడు పాత మెషీన్‌ని విప్పి మళ్లీ బిగిస్తే అందులో వస్తువు అమ్మకం లేదు. పూర్తిగా సేవ, 18 శాతం. (అల్ట్రాసౌండ్ అయితే గర్భస్థ శిశువు లింగ నిర్ధారణని నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ సంగతి ముందు చూసుకోండి. రిజిస్ట్రేషన్ లేని సెంటరుకి ఈ మెషీన్ అమ్మడమే నేరం. పన్ను దాని తర్వాతి మాట.)

సీఎంసీని ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’ అని రాస్తే 5 శాతం పడుతుందట, నిజమేనా?

సగం నిజం. ఈ ప్రశ్న రోజూ వస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

ముందు మామూలు వారంటీ. మెషీన్ ధరలోనే దాని విలువ కలిసి ఉంది కాబట్టి, వారంటీలో ఉచితంగా మార్చిన పార్టుకి మళ్లీ పన్ను లేదు. 2023 జూలై 17 నాటి 195వ నంబరు సర్క్యులర్ ఇది తేల్చింది. ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి కూడా అదే చెప్పింది, 2024 జూన్ 26న 216వ నంబరు సర్క్యులర్ దాన్ని సవరించింది. రెండూ కలిపి చదివితే తేలేది ఇది. మెషీన్ అమ్మిన వాడే, అమ్మే సమయంలోనే ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా అమ్మితే అది మెషీన్‌తో కాంపోజిట్, అంటే 5 శాతం. అమ్మింది డీలరు, వారంటీ ఇచ్చేది వేరే సంస్థ అయితే అది విడి సేవ, 18 శాతం. మెషీన్ కొన్న తర్వాత ఎప్పుడో తీసుకున్నా విడి సేవే, 18 శాతం.

ఇక సీఎంసీ. ఇది వట్టి వారంటీ కాదు. ఏడాదికి ఇన్నిసార్లు వచ్చి శుభ్రం చేస్తాం, క్యాలిబ్రేషన్ చూస్తాం, ఇన్ని గంటల్లో వస్తాం అని సేవలు రాసి ఉంటాయి. డాక్టరు వద్దనుకుంటే వదిలేయొచ్చు, ఏటా రెన్యూవల్ ఉంటుంది, వేరే ధర ఉంటుంది. ఈ లక్షణాలున్న ఒప్పందానికి పైన పేరు మార్చినంత మాత్రాన సర్క్యులర్ వర్తించదు. అధికారి ఒప్పందంలో మొదటి పేజీ చదవడు, సర్వీసు విజిట్ల షెడ్యూలు ఉన్న పేజీ చదువుతాడు.

నిజంగా వారంటీయే పొడిగించాలనుకుంటే అలాగే ఇవ్వండి. పాడైతే బాగుచేస్తాం, పార్టు మారుస్తాం, అంతే. షెడ్యూలు విజిట్లు లేకుండా, మెషీన్ ఇన్వాయిస్‌లోనే, డీలరు పేరుమీదే. అప్పుడు 5 శాతానికి సర్క్యులర్ బలం ఉంటుంది.

సీఎంసీని మెషీన్ బిల్లులోనే వేయాలా?

వద్దు. మన లెక్కలో సీఎంసీ మొదలయ్యేదే ఏడాది తర్వాత. మూడేళ్ల రేటుకి ఇప్పుడే సంతకం చేయించుకోండి కానీ బిల్లు ఏ ఏడాదికి ఆ ఏడాది వేయండి. అప్పుడు డాక్టరు మొదటి రోజే 64,800 కట్టక్కర్లేదు, ఏటా 21,600 చొప్పున కడతాడు. మధ్యలో మెషీన్ అమ్మేస్తే క్రెడిట్ నోట్ల తతంగం కూడా ఉండదు. మెషీన్ బిల్లులో లేకపోతే మిక్స్‌డ్ అన్న అనుమానానికీ తావు తగ్గుతుంది.

అడ్వాన్సు తీసుకుంటే అప్పుడే పన్ను కట్టాలా?

వస్తువు మీద అడ్వాన్సుకి పన్ను లేదు, 2017 నవంబరు 15 నుంచి ఇదే పద్ధతి (కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకి ఇది కాదు). కాంపోజిట్‌లో ప్రధానం మెషీన్ అయితే ఇన్‌స్టలేషన్ వాటా కూడా వస్తువు బాటలోనే వెళ్తుంది, ఇన్వాయిస్ వేసినప్పుడే పన్ను. సేవ అయితే అలా కాదు, డబ్బు చేతికొచ్చిన రోజే పన్ను బాధ్యత వచ్చేస్తుంది. సీఎంసీ డబ్బు ముందే తీసుకుంటే ఆ నెల జీఎస్టీఆర్-3బిలోనే చూపాలి. ఒకే చెక్కులో మెషీన్ అడ్వాన్సు, సీఎంసీ డబ్బు కలిసి వస్తే రసీదు మీద ఏది ఎంతో విడిగా రాసి పెట్టుకోండి.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎలా ఎక్కించాలి? ఎక్కువగా ఎక్కడ తప్పు జరుగుతుంది?

‘అదర్ ఛార్జెస్’ గడిలో. రవాణా, ఇన్‌స్టలేషన్ డబ్బు అక్కడ కొడతారు. ఆ గడిలో వేసిన మొత్తం పన్ను లెక్కించిన తర్వాత కలుస్తుంది, దాని మీద పన్ను పడదు. 75,000 మీద 5 శాతం, అంటే 3,750 ఎవరికీ కనపడకుండా జారిపోతుంది. కొనేది జీఎస్టీ నంబరున్న ఆసుపత్రి అయ్యి, మీ టర్నోవరు 5 కోట్లు దాటి ఉంటే ఈ-ఇన్వాయిస్ తప్పదు. అందులో మెషీన్ లైన్ ఇలా ఉండాలి:

```
"IsServc": "N",
"HsnCd": "90181290",
"AssAmt": 2075000,
"GstRt": 5,
"OthChrg": 0
```

ఇన్‌స్టలేషన్, రవాణా విలువ `AssAmt`లోనే కలిసిపోయింది చూడండి. డాక్టరుకి విడివిడిగా కనిపించాలంటే వివరణలో రాయండి, లేదా మూడు లైన్లు పెట్టి మూడింటికీ మెషీన్ హెచ్‌ఎస్‌ఎన్, 5 శాతమే ఇవ్వండి. ఇన్‌స్టలేషన్ లైన్లో 99తో మొదలయ్యే కోడు పెట్టి 5 శాతం వేస్తే, కోడుకీ రేటుకీ పొంతన లేదని ఆడిట్‌లో మొదట పట్టుబడే లైన్ అదే అవుతుంది.

మెషీన్ హిందూపురంలోనో హోసూరులోనో బిగిస్తే?

సైట్‌లో బిగించి ఇచ్చే వస్తువుకి, ఎక్కడ బిగించారో అదే సరఫరా స్థలం. బెంగళూరు డీలరు హిందూపురంలో బిగిస్తే ఆంధ్రప్రదేశ్, హోసూరులో బిగిస్తే తమిళనాడు. రెండింటికీ ఐజీఎస్టీ 5 శాతం. డాక్టరు ఇల్లు బెంగళూరులో ఉంది కదా అని ఇంటి చిరునామాకి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయడం సరిహద్దు ఊళ్ల బిల్లుల్లో తరచూ చూసే పొరపాటు. తర్వాత సరైన పన్ను మళ్లీ కట్టి, తప్పుగా కట్టింది రీఫండ్ అడగాలి.

ఎక్స్‌రే మెషీన్‌తోపాటు గది కూడా మేమే కట్టిస్తే?

అక్కడ జాగ్రత్త. మెడికల్ ఎక్స్‌రే మెషీన్ 9022 కింద 5 శాతం. దాన్ని నేలకి బోల్టులు వేసి బిగించినంత మాత్రాన స్థిరాస్తి అయిపోదు. కదలకుండా పనిచేయడానికి బిగించిన యంత్రం స్థిరాస్తి కాదని సుప్రీంకోర్టు 2010లో సాలిడ్ అండ్ కరెక్ట్ ఇంజనీరింగ్ కేసులో ఎక్సైజ్ చట్టం కింద చెప్పింది, ఆ తర్కం ఇప్పటికీ వాడుతున్నారు. కానీ గోడలు, సీసం తొడిగిన తలుపు, వైరింగ్, ఏసీ డక్టు అన్నీ కలిపి ‘టర్న్‌కీ ఎక్స్‌రే గది’ అని ఒకే కాంట్రాక్టు రాస్తే వర్క్స్ కాంట్రాక్టు అనే ప్రశ్న లేస్తుంది. వర్క్స్ కాంట్రాక్టు అంటే సేవ, 18 శాతం, మెషీన్ విలువతో సహా. గది పనికి వేరే కాంట్రాక్టు, వేరే బిల్లు పెట్టండి.

సోలార్ ప్యానెళ్లకి కూడా ఇదే పద్ధతా?

లేదు, దానికి నోటిఫికేషన్‌లోనే లెక్క రాసి ఇచ్చారు. సోలార్ విద్యుత్ వ్యవస్థని బిగింపుతో కలిపి ఇస్తే మొత్తంలో 70 శాతం వస్తువు, 30 శాతం సేవ అని అనుకోవాలి. 70కి 5 శాతం, 30కి 18 శాతం, కలిపితే 8.9 శాతం.

ఇప్పటికే తప్పు రేటు వేసేశాం. ఏం చేయాలి?

తక్కువ వేసి ఉంటే డెబిట్ నోటు ఇచ్చి, తేడాని వడ్డీతో సహా కట్టేయండి. నోటీసు రాకముందే స్వచ్ఛందంగా పన్ను కట్టే డీఆర్‌సీ-03 ఫారం ద్వారా కడితే జరిమానా భయం చాలావరకు పోతుంది. ఎక్కువ వేసి ఉంటే క్రెడిట్ నోటు ఇవ్వొచ్చు, కానీ ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు, లేదా వార్షిక రిటర్ను వేసే లోపు, ఏది ముందైతే అది. తేడా డబ్బు డాక్టరుకి వెనక్కి ఇచ్చినట్టు బ్యాంకు రికార్డు ఉండాలి. 18 శాతం వసూలు చేసి 5 శాతమే కట్టడం మాత్రం పూర్తిగా వేరే నేరం. వసూలు చేసిన ప్రతి రూపాయీ సెక్షన్ 76 కింద ప్రభుత్వానికి జమ చేయాల్సిందే.

పెద్ద కాంట్రాక్టు అయ్యి, నిజంగా తేలని ప్రశ్న అయితే అడ్వాన్స్ రూలింగ్ అడగొచ్చు. ఫీజు కేంద్రం వాటా 5,000, రాష్ట్రం వాటా 5,000. ఆ తీర్పు అడిగినవాళ్లకీ, వాళ్ల అధికారికీ మాత్రమే కట్టుబాటు. పక్క డీలరు తెచ్చుకున్న రూలింగ్ కాపీ మీ ఫైల్లో పెట్టుకుంటే వాదనకి పనికొస్తుంది, రక్షణకి పనికిరాదు. పైగా అడగాల్సింది సరఫరాకి ముందో, సరఫరా నడుస్తున్నప్పుడో. మెషీన్ బిగించి డబ్బు వచ్చేశాక అడిగితే దరఖాస్తు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.